యాంటీవైరస్ కొనేముందు ఇంట్లో పరికరాలను ఎలా లెక్కపెట్టాలి?

తెనాలిలో ఉండే మా బాబాయి పోయిన నెల ఫోన్ చేశారు. "ఇంట్లో మొత్తం పది ఉన్నాయిరా. పది పరికరాల ప్లాన్ తీసుకోమంటున్నాడు దుకాణం అబ్బాయి. తీసుకోనా?" అని అడిగారు. ఆ పది ఏమేమిటో చెప్పమన్నాను. తన ల్యాప్‌టాప్, ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే పాత డెస్క్‌టాప్, మా చెల్లెలి కాలేజీ ల్యాప్‌టాప్, తమ్ముడికి కంపెనీ వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్, తనదీ పిన్నిదీ తాతయ్యదీ మూడు ఆండ్రాయిడ్ ఫోన్లు, చెల్లెలి ఐఫోన్, అందరూ వంతులేసుకుని చూసే ఐప్యాడ్, హాల్లో గోడకున్న స్మార్ట్ టీవీ. లెక్క సరిగ్గా పదే. కానీ ఆ ఇంటికి కావలసింది పది కాదు, అందులో సగం కూడా కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు పెట్టె మీది అంకెకు అర్థం తెలియాలి.

పెట్టె మీద రాసే తీరు అన్ని కంపెనీలదీ ఒకటి కాదు. మన దేశపు కంపెనీ అయిన క్విక్ హీల్ ఏళ్ల తరబడి '1 యూజర్, 1 ఇయర్' అన్న పద్ధతిలో అమ్ముతోంది. ఇక్కడ యూజర్ అంటే మనిషి కాదు, ఒక కంప్యూటర్. మీకు రెండు ల్యాప్‌టాప్‌లు ఉంటే, వాడే మనిషి మీరొక్కరే అయినా, రెండు యూజర్ల కింద లెక్క. అదే ఒక ల్యాప్‌టాప్‌ను ఇంట్లో నలుగురు వేర్వేరు లాగిన్‌లతో వాడినా అది ఒకటే. ఈ ఒక్క మాట దగ్గర పొరబడి, ఒక యూజర్ పెట్టె కొని ఇంట్లో మూడు యంత్రాల్లో ఎక్కించబోయి, రెండోదాని దగ్గరే ఆగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

రెండో రకం 'డివైజ్' లెక్క. నార్టన్ 360, మెకాఫీ, బిట్‌డిఫెండర్ టోటల్ సెక్యూరిటీ, చెన్నై కంపెనీ కె7 అమ్మే అల్టిమేట్ సెక్యూరిటీ ఈ కోవలోవి. వీటిలో ఫోన్ ఒకటి, ట్యాబ్లెట్ ఒకటి, ల్యాప్‌టాప్ ఒకటి. ఫోన్ చిన్నది కాబట్టి సగం, ల్యాప్‌టాప్ పెద్దది కాబట్టి రెండు అనే తేడా ఎక్కడా ఉండదు. ఐదు పరికరాల ప్లాన్‌ను ఐదు ఫోన్లకు వాడుకోవచ్చు, ఐదు ల్యాప్‌టాప్‌లకూ వాడుకోవచ్చు, కలిపీ వాడుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే కంపెనీ ఈ రెండు రకాలనూ పక్కపక్కనే అమ్ముతుంది, పేర్లేమో అన్నదమ్ముల్లా ఉంటాయి. బిట్‌డిఫెండర్‌లో 'యాంటీవైరస్ ప్లస్' విండోస్ కంప్యూటర్లకు మాత్రమే. 'టోటల్ సెక్యూరిటీ' అయితే విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ నాలుగింటికీ పనికొస్తుంది. ట్రెండ్ మైక్రోలో 'ఇంటర్నెట్ సెక్యూరిటీ'కీ 'మాగ్జిమమ్ సెక్యూరిటీ'కీ మధ్య కూడా ఇదే తేడా. మూడు కంప్యూటర్లకు అని రాసిన చౌక ప్లాన్ కొని, అందులో ఒక చోటు ఫోన్‌కు ఇద్దామనుకుంటే కుదరదు. చోటు ఖాళీగానే ఉంటుంది, కానీ ఫోన్‌లో ఎక్కదు. అందుకని పరికరాల అంకె చూసే ముందు, ఆ అంకె పక్కన ఏ సిస్టమ్‌ల పేర్లు రాసి ఉన్నాయో చూడాలి. పెట్టెకు వెనకవైపు చిన్న అక్షరాల్లో, వెబ్‌సైట్‌లో అయితే పేజీ అడుగున 'సిస్టమ్ అవసరాలు' అన్నచోట ఇది ఉంటుంది.

సరే, డివైజ్ ప్లాన్‌లో అన్నీ సమానమే అన్నాను. అది లెక్క వరకే. ఆ చోటులో కూర్చున్న పరికరానికి దక్కే రక్షణ మాత్రం సమానం కాదు. అమ్మేవాళ్లు చెప్పనిదీ, డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే.

విండోస్ ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్‌కు దాదాపు ఇల్లంతా తిరిగే అధికారం ఉంటుంది. ఏ ఫైల్ తెరిచినా, ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా, ఏ ప్రోగ్రామ్ పరుగెత్తినా అది మధ్యలో నిలబడి చూస్తుంది. ఏదైనా ప్రోగ్రామ్ ఉన్నట్టుండి వందల ఫైళ్లకు తాళం వేయడం మొదలుపెడితే పట్టుకుని ఆపగలదు. మీరు కట్టే డబ్బుకు పూర్తి పని జరిగేది ఇక్కడే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాని చేతులు సగం కట్టేసి ఉంటాయి. కొత్తగా ఎక్కించిన యాప్‌ను, డౌన్‌లోడ్ అయిన ఫైల్‌ను పరిశీలిస్తుంది. అనుమతిస్తే సందేశాల్లో వచ్చే లింకులను చూస్తుంది. వేరే యాప్ సొంత గదిలోకి తొంగిచూసే అధికారం మాత్రం దానికి లేదు. అయినా ఈ మాత్రం పని కొన్ని ఫోన్లకు నిజంగా అవసరం, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఐఫోన్, ఐప్యాడ్‌ల సంగతి వేరు. ఆపిల్ ప్రతి యాప్‌నూ దాని గదిలోనే ఉంచి తలుపు వేస్తుంది. పక్క యాప్‌ను తనిఖీ చేయడం ఏ యాంటీవైరస్‌కూ సాధ్యం కాదు. వైరస్‌లను వెతుకుతామని చెప్పుకునే యాప్‌లను ఆపిల్ 2015లో తన స్టోర్‌లోంచి తీసేసింది కూడా. ఇప్పుడు అదే కంపెనీల పేరుతో ఐఫోన్‌లో కనిపించేవి మోసపు వెబ్‌సైట్లను అడ్డుకోవడం, మీ ఈమెయిల్ ఎక్కడైనా బయటపడిందేమో చూసి చెప్పడం, మీ ఇంటర్నెట్ రాకపోకలను ఇతరులకు కనపడకుండా పంపే వీపీఎన్ ఇవ్వడం వంటి పనులు చేస్తాయి. పనికిరానివని అనను. కానీ ల్యాప్‌టాప్‌కు పట్టిన చోటే దీనికీ పడుతుంది, దక్కేది మాత్రం అందులో చిన్న ముక్క. చోట్లు తక్కువైనప్పుడు నేను ముందుగా తీసేసేది ఐఫోన్‌నే, ఆ వెంటనే ఐప్యాడ్‌ను.

మ్యాక్ ల్యాప్‌టాప్ విండోస్‌కూ ఐఫోన్‌కూ నడుమ ఉంటుంది. అక్కడ ఫైళ్ల తనిఖీ కుదురుతుంది, కానీ విండోస్‌లో వచ్చే అదనపు హంగులు చాలావరకు రావు. ఉదాహరణకు నార్టన్ 360లో ఆన్‌లైన్ బ్యాకప్ విండోస్ కంప్యూటర్లకు మాత్రమే. ప్లాన్ పోలిక పట్టికలో టిక్కు గుర్తు ఉన్నంత మాత్రాన అన్ని పరికరాలకూ అది వర్తిస్తుందనుకోవద్దు. ఆ గుర్తు పక్కన నక్షత్రం ఉంటే పేజీ కిందికి వెళ్లి చదవండి.

ఇప్పుడు బాబాయి పదింటినీ ఒక్కొక్కటిగా తీద్దాం.

టీవీని మొదటే పక్కన పెట్టాం. ఈ ప్లాన్లు ప్రధానంగా కంప్యూటర్లు, ఫోన్లు, ట్యాబ్లెట్ల కోసం. టీవీలో తెలియని యాప్‌లు ఎక్కించకపోతే చాలు. తమ్ముడి కంపెనీ ల్యాప్‌టాప్‌ను కూడా తీసేశాం. అందులో కంపెనీవాళ్లే తమ రక్షణ పెట్టి ఉంటారు. ఇంకోటి ఎక్కించడం అక్కడి నిబంధనలకు విరుద్ధం కావచ్చు. పైగా ఒకే యంత్రంలో రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ యంత్రాన్ని నత్తనడక నడిపిస్తాయి. మిగిలినవి ఎనిమిది. ఐఫోన్, ఐప్యాడ్ తీస్తే ఆరు.

ఆ ఆరింటిలో బాబాయి ఫోన్, పిన్ని ఫోన్ ఉన్నాయి. ఇద్దరూ యాప్‌లు ప్లే స్టోర్ నుంచి తప్ప ఎక్కించరు. ఆండ్రాయిడ్‌తో పాటే వచ్చే ప్లే ప్రొటెక్ట్ ఉచితం. బయటి నుంచి తెచ్చి ఎక్కించిన యాప్‌లను కూడా అది తనిఖీ చేస్తుంది. వాళ్ల వాడకానికి అది చాలు.

తాతయ్య ఫోన్ అలా కాదు. వాట్సాప్‌లో ఎవరేది పంపినా ఆయన నొక్కుతారు. 'పెళ్లి పత్రిక' పేరుతో, 'ట్రాఫిక్ చలానా' పేరుతో, ప్రభుత్వ పథకం పేరుతో చివర .apk అని ఉండే ఫైళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నాయి, పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. అది పత్రిక కాదు, యాప్. నొక్కి, అడిగినవాటికల్లా సరేనంటే మీకొచ్చే సందేశాలను చదివి, బ్యాంకు ఓటీపీలను బయటికి చేరవేస్తుంది. ఆండ్రాయిడ్ యాంటీవైరస్ గట్టిగా అక్కరకొచ్చే చోటు ఇదే: ఫైల్ ఎక్కుతున్న క్షణంలో గుర్తుపట్టి తెరమీద ఎర్రగా అరవడం. కాబట్టి ఇంటి పెద్ద యజమానిది కదా అని బాబాయి ఫోన్‌కు కాకుండా, తాతయ్య ఫోన్‌కు చోటు ఇచ్చాం. దాంతో పాటు ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కూ బ్రౌజర్‌కూ 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం' అన్న అనుమతి తీసేయించాను. నిజం చెప్పాలంటే ఈ రెండో పనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను, దానికి పైసా ఖర్చు లేదు.

ఇక మిగిలినవి మూడు విండోస్ యంత్రాలు. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది, అది ఉచితం, ఇప్పుడు బాగానే పనిచేస్తుంది. మరొక యాంటీవైరస్ ఎక్కిస్తే అది తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది, కొన్నదాని గడువు తీరి అది పనిచేయడం మానేస్తే మళ్లీ ముందుకొస్తుంది. జాగ్రత్తగా వాడే ఒక్క మనిషి ల్యాప్‌టాప్‌కు డిఫెండర్ చాలని నా అభిప్రాయం. బాబాయి తన ల్యాప్‌టాప్‌లో వార్తలు, బ్యాంకు పని తప్ప ఏమీ చేయరు. అయినా కొన్నది ఉంటే మనసు నెమ్మదిగా ఉంటుందన్నారు, సరేనన్నాను. చెల్లెలి ల్యాప్‌టాప్‌లో హాస్టల్లో ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు తిరుగుతాయి, దానికి ఒక చోటు తప్పదు.

దుకాణంలోని డెస్క్‌టాప్ దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. అందులో విండోస్ 10 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ఆగింది. యాంటీవైరస్ కంపెనీలు ఆ యంత్రంలో ఇంకా పనిచేస్తామనే అంటాయి, ఎక్కుతుంది కూడా. కానీ గోడకు పడ్డ కన్నాన్ని కాపలావాడు పూడ్చలేడు. ఒక చోటు దానికి ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చి ఊరుకోవడమే తప్పు. విండోస్ 11 ఎక్కని పాత యంత్రం కాబట్టి కొత్తది కొనేదాకా ఆ చోటు దానికి ఇచ్చి, లెక్కల ఫైళ్లను వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసి, డిస్క్‌ను కంప్యూటర్ నుంచి వేరుచేసి బీరువాలో పెట్టమన్నాను.

అలా తేలింది నాలుగు: మూడు కంప్యూటర్లు, ఒక ఫోన్.

నాలుగుకు ఏ ప్లాన్? కంపెనీలు సాధారణంగా ఒకటి, మూడు, ఐదు, పది అని అమ్ముతాయి. అమెరికాలో మెకాఫీ ప్లస్ లాంటివి పరిమితి లేకుండా కూడా ఉన్నాయి. నాలుగు అని దొరకడం అరుదు. ఇక్కడ మూడు దారులున్నాయి. మూడు కంప్యూటర్ల చౌక ప్లాన్ తీసుకుని, తాతయ్య ఫోన్‌కు ఏదైనా పేరున్న కంపెనీ ఉచిత ఆండ్రాయిడ్ యాప్ వేయడం ఒకటి. ఐదు పరికరాల ప్లాన్ తీసుకోవడం రెండోది. పది తీసుకుని అన్నిటికీ పంచేయడం మూడోది.

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు వేసుకుందాం, ఇవి ఏ కంపెనీ ధరలూ కావు. మూడు కంప్యూటర్లది 1,200 రూపాయలు, ఐదు పరికరాలది 2,000, పదింటిది 3,000 అనుకోండి. దుకాణం అబ్బాయి చెప్పే లెక్క ఇలా ఉంటుంది: పదింటిదైతే ఒక్కోదానికి 300, ఐదింటిదైతే 400, కాబట్టి పదే లాభం. కానీ భాగించాల్సింది పెట్టె మీది అంకెతో కాదు, మీరు నింపే చోట్లతో. నాలుగే నింపితే పదింటి ప్లాన్‌లో ఒక్కోదానికి 750 పడుతుంది, ఐదింటిదాంట్లో 500. మొదటి దారిలో 1,200తో మొత్తం అయిపోతుంది. ఉచిత యాప్‌లో ప్రకటనలు, కొనమని పోరు ఉంటాయి. మోసపు లింకులను అడ్డుకునే సౌకర్యం చాలావాటిలో ఉండదు. తాతయ్యకు ఆ పోరు పెడితే, తెరమీద వచ్చే ప్రతి పెట్టెనూ నొక్కే ఆయన చేత ఇంకేం నొక్కిస్తుందోనని నాకు భయం. అందుకే మేము ఐదింటి ప్లాన్ వైపు వెళ్లాం. ఫోన్లను జాగ్రత్తగా వాడుకునే ఇల్లయితే నేను మొదటి దారే చెబుతాను.

ధర చూసేటప్పుడు ఇంకో మాట. మొదటి ఏడాది ధర పెద్ద అక్షరాల్లో, రెండో ఏడాది ధర దాని కింద బూడిదరంగులో ఉంటుంది. కార్డు వివరాలిచ్చి కొంటే చాలా ప్లాన్లు తమంతట తామే పొడిగించుకుంటాయి, అప్పుడు పడేది ఆ బూడిదరంగు ధర. రెండు ప్లాన్లను పోల్చేటప్పుడు ఆ అంకెలనే పోల్చండి. దుకాణంలో యాక్టివేషన్ కీ ఉన్న పెట్టె కొంటే ఈ బెడద సాధారణంగా ఉండదు.

గడువు దగ్గర కూడా ఒక చిక్కుంది. ఐదు చోట్లకూ ఒకటే గడువు. మొదటి యంత్రంలో యాక్టివేట్ చేసిన రోజు నుంచి (ఆన్‌లైన్‌లో చందా కట్టిన ప్లాన్‌లో అయితే కొన్న రోజు నుంచి) ఏడాది లెక్క మొదలవుతుంది. జనవరిలో రెండు ల్యాప్‌టాప్‌లలో వేసి, మూడోదాన్ని సెప్టెంబరులో చేరిస్తే దానికి మిగిలేది నాలుగు నెలలే. "ఇప్పుడు తీసుకుంటే తరవాత కొనేవాటికీ పనికొస్తుంది" అని పెద్ద ప్లాన్ తీసుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. వచ్చే ఏడాది కొనబోయే ల్యాప్‌టాప్‌కు ఈ ఏడాది చోటు కొనడం దండగ.

ఇంటిల్లిపాదీ ఒకే ఊళ్లో లేనప్పుడు ఒక పెద్ద ప్లాన్ మంచిదా, విడివిడి చిన్నవి మంచివా అనే ప్రశ్న వస్తుంది. చాలా డివైజ్ ప్లాన్లు ఒక ఈమెయిల్ ఖాతాకు కట్టి ఉంటాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్ అందరికీ ఇస్తే, ప్లాన్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మేనేజర్ కూడా కొన్నిటిలో అదే ఖాతా కిందికి వస్తుంది. అంటే మావయ్య బ్యాంకు పాస్‌వర్డ్ దాచుకున్న పెట్టె తలుపు దాకా అల్లుడికి దారి ఇచ్చినట్టే. పాస్‌వర్డ్ ఇవ్వకుండా, ఖాతా పేజీలోంచి ఇన్‌స్టాల్ లింకు పంపే సౌకర్యం చాలా కంపెనీలకు ఉంది, అది వాడండి. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడ కొన్న ప్లాన్‌లో ఇక్కడి అమ్మానాన్నల ఫోన్లకు చోటు ఇవ్వాలనుకుంటే మాత్రం రెండు చూసుకోవాలి. కొన్ని కంపెనీల ఒప్పందంలో ప్లాన్ ఒకే ఇంటివాళ్లకని రాసి ఉంటుంది. కొన్ని కీలు అమ్మిన దేశంలోనే యాక్టివేట్ అవుతాయి, ఇక్కడ చౌకగా కొని అక్కడికి పంపబోయినా ఇదే అడ్డు తగులుతుంది.

చివరగా, ప్లాన్ కొన్నాక ఆరు నెలలకు ఎదురయ్యే గొడవ. ఇది మా ఇంట్లోనే జరిగింది. ఒక ల్యాప్‌టాప్ మొరాయిస్తే విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేశాను. యాంటీవైరస్ ఎక్కించబోతే 'పరికరాల పరిమితి దాటింది' అంది. అప్పటి మా ప్లాన్ మూడింటిది, వాడుతున్నవి మూడే. ఖాతా పేజీ తెరిస్తే నాలుగో పరికరం లేదు కానీ, తుడిచేసిన ల్యాప్‌టాప్ తన పాత పేరుతో ఒక చోటు పట్టుకుని కూర్చుంది. విండోస్ కొత్తగా వేసినప్పుడు యంత్రానికి కొత్త పేరు పెట్టుకుంటుంది. దాంతో కంపెనీ దృష్టిలో అది ఇంకో యంత్రం. పాతదానికి వీడ్కోలు చెప్పినవాళ్లు లేరు.

ఇలా జరిగితే ముందుగా ఇప్పటి యంత్రం పేరేమిటో తెలుసుకోండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొడితే పేరు చెబుతుంది:

```
hostname
```

DESKTOP-7KQ2M9F లాంటిదేదో వస్తుంది. ఖాతా పేజీలోని జాబితాలో ఆ పేరు కాకుండా, చివరిసారి కనిపించిన తేదీ వారాల వెనక ఉన్నదే పాతది. దాన్ని అక్కడి నుంచి తొలగిస్తే చోటు ఖాళీ అవుతుంది. ఫోన్ మార్చినప్పుడూ ఇంతే. యాప్ తీసేసినంత మాత్రాన చాలా కంపెనీల దగ్గర చోటు వదలదు, ఖాతాలోంచి కూడా తీయాలి. ఖాతా లేకుండా కీ మీద నడిచే పాత పద్ధతి ప్లాన్లలో ఈ జాబితా మనకు కనిపించదు. అక్కడ తుడిచే ముందే, ఇంటర్నెట్ ఉండగా, యాంటీవైరస్‌ను పద్ధతిగా తీసేసి లైసెన్సును వదిలించుకోవాలి. యంత్రం పూర్తిగా చెడిపోతే కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, కీ చదివి వినిపించడమే దారి. అందుకని బిల్లునూ కీ ఉన్న కాగితాన్నీ పారేయకండి. పరికరాలను తరచూ మార్చేవాళ్లకు ఖాతా పద్ధతి ప్లానే సుఖం.

ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు విండోస్‌లు పెట్టుకునే సరదా ఉన్నవాళ్లకు కూడా ఇదే సూత్రం. పెట్టె ఒకటే అయినా అవి రెండు చోట్లు తింటాయి.

బాబాయి ఐదింటి ప్లాన్ కొన్నారు. ఆదివారం వెళ్లి నాలుగు చోట్లలో వేసి, ఖాతా పేజీలో DESKTOP అన్న పేర్ల బదులు 'దుకాణం', 'చెల్లి', 'బాబాయి', 'తాతయ్య' అని మార్చి పెట్టాను. ఐదో చోటు తన ఫోన్‌కు వేయమని పిన్ని అడిగారు, వేశాను. దుకాణానికి కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు 'దుకాణం' అన్న పేరు మీద నొక్కి తొలగించడం ఎలాగో బాబాయి ఒక కాగితం మీద తన చేత్తోనే రాసుకున్నారు.